ప్రోగ్రెస్ నోట్: 6వ సెషన్

వ్యక్తిగత సెషన్, ముఖాముఖి, 50 నిమిషాలు. సమస్య: పానిక్ డిజార్డర్.

లక్ష్యం: గుండెదడ మొదలైనా పారిపోకుండా, లిఫ్టులో ఒంటరిగా నాలుగో అంతస్తుకు వెళ్లగలగడం. క్లయింట్ ప్రస్తుతం తోడు ఉంటేనే ఎక్కుతున్నారు.

చేసినది: సన్నని స్ట్రాతో 60 సెకన్లు ఊపిరి తీసుకుంటూ, పానిక్‌లో వచ్చే లాంటి లక్షణాలను కావాలనే తెప్పించి ఎదుర్కొనే ఎక్స్‌పోజర్, మూడుసార్లు. ప్రతిసారీ ముందుగా "ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడిగి రాయించాను. ఆ తర్వాత నిజంగా జరిగినదాన్ని పక్కనే రాయించాను.

స్పందన: మొదటిసారి 25 సెకన్లకే స్ట్రా తీసేసి, కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నారు. "కళ్లు తిరిగి పడిపోతాను" అన్నారు. భయం 100కి 80. రెండోసారి 60 సెకన్లూ ఆగారు, భయం 65. మూడోసారి 40. రాసినవి చదువుకుని, "దడ వచ్చింది కానీ పడిపోలేదు" అని తమంతట తామే అన్నారు. భయం అంకె తగ్గడం కన్నా ఈ మాటే ముఖ్యమైన మార్పని నా అంచనా. గత వారం హోంవర్క్ రెండు రోజులే చేశారు; ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు టెన్షన్‌గా ఉందన్నారు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగాను, లేవన్నారు.

తర్వాత: ఇంట్లో స్ట్రా అభ్యాసం రోజుకొకసారి, మొదటి మూడు రోజులు పక్కగదిలో ఎవరైనా ఉండగా. వచ్చే సెషన్‌లో లిఫ్టులో ఒక అంతస్తు, నేను బయట ఉంటాను.