అక్టోబరు–డిసెంబరు 2024: మీ పెట్టుబడుల లెక్క

మాస్టారూ, అమ్మా, ముందు అసలు అంకె చెప్పేస్తాను. సెప్టెంబరు 30న మీ మొత్తం 30,00,000 రూపాయలు. డిసెంబరు 31కి 28,62,000. తగ్గింది 1,38,000, అంటే 4.6 శాతం. ఈ మూడు నెలల్లో మీరు కొత్తగా వేసిందీ లేదు, తీసిందీ లేదు.

అమ్మలేదు కదా, ఇది నష్టం కాదు అని కొందరు అంటారు. నేను అలా అనను. ఈరోజు డబ్బు అవసరపడితే అంత తక్కువే చేతికొస్తుంది.

అదే సమయంలో నిఫ్టీ 50 సూచీ 25,811 నుంచి 23,645కి దిగింది. అది 8.4 శాతం. మనకు పోయింది అందులో సగమే అని సంతోషపడొద్దు. అలిపిరి మెట్లెక్కి వచ్చినవాళ్లను బస్సులో వచ్చినవాళ్లతో పోల్చినట్టు ఉంటుంది. మీ డబ్బులో 40 శాతం షేర్లలో లేనే లేదు. డెట్ ఫండ్లలోని 9 లక్షలు 15,000 పెరిగాయి, బంగారంలోని 3 లక్షలు 3,000 పెరిగాయి. నిఫ్టీతో పోల్చాల్సింది షేర్లలో ఉన్న 18 లక్షలనే.

అవి 16,44,000 అయ్యాయి. నష్టం 1,56,000, అంటే 8.7 శాతం. నిఫ్టీలా పడి ఉంటే 1,51,000 పోయేది. అంటే మనం సూచీ కంటే సుమారు 5,000 వెనకబడ్డాం.

ఎక్కడ వెనకబడ్డామో చూడండి. ఇండెక్స్ ఫండ్‌లోని 8 లక్షలు సూచీతో పాటే దిగి 66,000 తగ్గాయి. ఫ్లెక్సీక్యాప్‌లోని 6 లక్షలకు 42,000 పోయింది, సూచీ కంటే నయం. దెబ్బ తగిలింది వినియోగ వస్తువుల ఫండ్‌లో: 4 లక్షలకు 48,000, అంటే 12 శాతం. మే నెలలో దాన్ని కొనమని చెప్పింది నేనే. పట్నాల్లో అమ్మకాలు మందగించాయి. సెప్టెంబరులో కేంద్రం దిగుమతి వంటనూనెలపై సుంకం పెంచడంతో సబ్బులు, బిస్కెట్ల కంపెనీలకు ఖర్చు కూడా పెరిగింది. ఒకే రంగంలో అంత పెట్టించకుండా ఉండాల్సింది.

మిగతా పతనం మార్కెట్ మొత్తానిది. అక్టోబరులో విదేశీ మదుపరులు భారీగా అమ్మేశారు, కంపెనీల లాభాలు కూడా అనుకున్నంత రాలేదు.

అమ్మా, అన్నీ తీసి బ్యాంకులో వేసేద్దామా అని ఫోన్‌లో టెన్షన్‌గా అడిగారు. వచ్చే ఏడాది పై అంతస్తు కట్టడానికి అనుకున్న 6 లక్షలు డెట్ ఫండ్లలోనే ఉన్నాయి, ఈ పతనం వాటిని తాకలేదు. షేర్లలోని డబ్బు మీకు ఏడేళ్ల దాకా అక్కర్లేదు. అందుకే వద్దంటున్నాను. ఈ మార్చిలోపు మార్కెట్ కోలుకుంటుందని మాత్రం మాట ఇవ్వలేను.

ఇక ఆ వినియోగ ఫండ్. మేలో 3,80,000 పెట్టాం, సెప్టెంబరు చివరికి 4 లక్షలైంది, ఇప్పుడు 3,52,000 ఉంది. ఏడాది నిండకుండా తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడ్, అంటే 3,500 చిల్లర పోతుంది. మే దాకా ఆగి, తర్వాత ఇండెక్స్ ఫండ్‌లోకి మారుద్దామని నా ఉద్దేశం. ఫండ్లవారీ లెక్క ఈ కాగితంలో ఉంది. ఇద్దరూ చూసుకుని, ఆగడం ఇష్టం లేకపోతే సోమవారం చెప్పండి, అప్పుడే తీసేద్దాం.