శ్రావణి ప్రోగ్రెస్ కార్డు గురించి ఇంటికి రాసిన ఉత్తరం

శ్రావణి నాన్నగారికి, అమ్మమ్మగారికి నమస్కారం.

మొన్న శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి, నాన్నగారు కొబ్బరి దింపుకి వెళ్ళడంతో అమ్మమ్మగారొక్కరే రేవు దాటి వచ్చారు. కార్డు చేతికివ్వగానే "సి అని ఉందేంటమ్మా, పిల్ల తప్పిందా?" అని అడిగారు. వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. "తప్పలేదండీ, పాసే" అని ఒక్కమాట చెప్పి పంపేశాను. ఆవిడ పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. శ్రావణి చేతే చదివించుకోండి. ఇందులో ఉన్నదంతా పిల్లకి ముందే చెప్పాను, దాచిందేమీ లేదు.

కార్డు పక్కన పెట్టుకుని చదవండి.

మొదటి పేజీలో మార్కులు ఉంటాయి. ఎస్.ఎ.1 అన్న గడిలో ఉన్నవి నవంబరులో రాసిన అర్ధ సంవత్సరం పరీక్ష మార్కులు, వందకి లెక్కగట్టి వేశాం. తెలుగు 88, హిందీ 49, ఇంగ్లీషు 58, లెక్కలు 43, ఫిజికల్ సైన్స్ 64, బయాలజీ 79, సోషల్ 72. మొత్తం ఏడు వందలకి 453.

మార్కు పక్కన ఉన్న అక్షరమే గ్రేడు. 91 నుంచి 100 వరకు ఎ1, 81 నుంచి 90 వరకు ఎ2. అక్కడ్నించి పదేసి మార్కులు దిగుతూ బి1, బి2, సి1 వస్తాయి. 41 నుంచి 50 వరకు సి2. 35 నుంచి 40 వరకు డి. 35 కంటే తగ్గితే ఇ. తప్పడమంటే ఆ ఇ గ్రేడు రావడం. మీ పాపకి ఒక్క ఇ కూడా లేదు, డి కూడా లేదు. అమ్మమ్మగారూ, మీరు చూసి బాధపడిన ఆ సి2 లెక్కల్లో వచ్చిన 43కి వేసింది. తక్కువే, కాదనను. తప్పడం మాత్రం కాదు.

హిందీ సంగతి వేరుగా చెప్పాలి. అది సెకండ్ లాంగ్వేజ్ కాబట్టి దాని కొలత వేరు. మిగతా వాటిల్లో పాసవ్వాలంటే 35 రావాలి, హిందీలో 20 చాలు. అక్కడ 46 నుంచి 56 వరకు సి1 వేస్తాం. అందుకే హిందీలో 49కి సి1 పడింది. అదే 49 లెక్కల్లో వచ్చి ఉంటే సి2 పడేది. కార్డులో పొరపాటు ఉందేమోనని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అడిగారు, అందుకని రాస్తున్నాను.

కింద జి.పి.ఎ. 7.0 అని ఉంది చూడండి. ఎ1కి పది పాయింట్లు, ఎ2కి తొమ్మిది, అలా ఒక్కొక్కటి తగ్గుతూ డికి నాలుగు. ఏడు సబ్జెక్టుల పాయింట్లు కలిపితే 49, ఏడుతో భాగిస్తే ఏడు. ఏడంటే డెబ్భై శాతమని అనుకోకండి. మార్కుల్లో చూస్తే అరవై అయిదుకి కాస్త తక్కువ.

ఇప్పుడు అసలు విషయం, లెక్కలు. ఇది నా సబ్జెక్టే. పోయినేడు ఏడో తరగతి చివర పాపకి లెక్కల్లో 61 వచ్చాయి. ఈ ఏడు 43కి దిగింది. రిమార్కుల గడిలో నేను "లెక్కల్లో శ్రద్ధ అవసరం" అని రాశాను. ఆ గడి రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది, అంతకంటే పట్టదు. రాసిన తర్వాత అది చదివితే పిల్ల అశ్రద్ధగా ఉందని అర్థం వస్తుందని తోచింది. శ్రావణి అశ్రద్ధ మనిషి కాదు. ఆ మాట అలా రాసినందుకు మన్నించండి.

ఎస్.ఎ.కి ముందు ఎఫ్.ఎ. అని రెండు గడులున్నాయి. ఒక్కో ఎఫ్.ఎ. 50 మార్కులకి. అందులో క్లాసులో చురుగ్గా పాల్గొన్నందుకు 10, నోట్సుకి 10, ప్రాజెక్టుకి 10, స్లిప్ టెస్టుకి 20. లెక్కల ఎఫ్.ఎ.1లో పాపకి 31 వచ్చాయి. విడదీస్తే పాల్గొనడంలో 8, నోట్సుకి 8, ప్రాజెక్టుకి 9, స్లిప్ టెస్టులో 6. ఎఫ్.ఎ.2లోనూ అంతే, స్లిప్ టెస్టు దగ్గరికొచ్చేసరికి 5. క్లాసులో చెయ్యెత్తి జవాబు చెప్పే పిల్లకి ఇరవైకి అయిదు రావడం ఏమిటని ఆదివారం కూర్చుని ఆ పేపర్లు మళ్ళీ తీశాను.

మూడో లెక్క నేను బోర్డు మీద రాసింది 3x + 8 = 26. పాప పేపర్లో ఎక్కించుకున్నది 3x + 3 = 26. ఆ తర్వాత చేసిన పద్ధతంతా సరైనదే. మూడు తీసేసింది, 23 వచ్చింది, మూడుతో భాగించబోతే తెగలేదు. తనే తప్పు చేశాననుకుని కొట్టేసి మళ్ళీ చేసింది, మళ్ళీ అదే వచ్చింది, మళ్ళీ కొట్టేసింది. టైమంతా అక్కడే అయిపోయింది. అలాంటివి రెండు పేపర్లలో కలిపి ఏడు దొరికాయి. ఎనిమిది మూడైంది, ఆరు సున్నా అయింది. బయాలజీ స్లిప్ టెస్టులో మేడం ప్రశ్నలు నోటితో చదివి రాయిస్తారు, అందులో ఇదే పిల్లకి 15 వచ్చాయి.

సోమవారం పొద్దున తనని నాలుగో బెంచీలో, తను రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి బోర్డు మీది అంకెలు చదవమన్నాను. కళ్ళు చిట్లించి చదివింది, సగం తప్పు. మొదటి బెంచీకి తెచ్చి చదివిస్తే అన్నీ కరెక్టే. జూన్ నుంచి అదే గదిలో ఉండి నేను ఇది గమనించలేదు. ఆ రోజు నుంచే ముందు బెంచీలోకి మార్చాను. ఈ వారంలోనే ఒకరోజు పాపని అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి కళ్ళు చూపించండి. ఆ రోజు సెలవిస్తాను. అద్దాలు పడితే ఆడపిల్లకి ఎలా అని ఆలోచించకండి. మా క్లాసులోనే ముగ్గురు ఆడపిల్లలు పెట్టుకుంటున్నారు, హాయిగా చదువుకుంటున్నారు.

అద్దాలతోనే అంతా సర్దుకుంటుందని మాత్రం చెప్పను. ఎస్.ఎ.1 అచ్చు పేపరు, బోర్డు చూడాల్సిన పని లేదు. అందులోనూ 43 వచ్చాయంటే వేరే ఇబ్బంది ఉంది. 5x − 7 = 18 అన్నచోట ఏడుని అవతలికి పంపేటప్పుడు అది కూడికగా మారాలి, పాప తీసివేతగానే ఉంచి 11 తెచ్చింది. రావాల్సింది 25. ఈ గుర్తుల గొడవ ఏడో తరగతి నుంచీ ఉండిపోయింది. దీనికి మీ ఇంట్లోనే మంచి మందుంది. నాన్నగారి దింపు లెక్క, అడ్వాన్సులు, బాకీలు పుస్తకంలో రాసేది శ్రావణేనట కదా, అందులో ఒక్క తప్పూ రాదట కదా. ఏడొందలు బాకీ ఉండగా ఇంకో అయిదొందలు అడ్వాన్సు తీసుకుంటే బాకీ ఎంతవుతుందో ఆ పిల్లకి నోటిమీద వచ్చు. నోట్సులో −700 − 500 అని రాసేసరికి తడబడుతోంది. వారానికి మూడు రోజులు బడి వదిలాక అరగంట ఉంచుకుని ఆ బాకీల భాషలోనే చెప్తాను. చివరి పడవ అందేలా పిల్లని పంపించేస్తాను. మీరు సరేనంటే కార్డులో సంతకం పక్కన "సరే" అని రాయండి చాలు.

ఇంగ్లీషు మాస్టారు "చదువుతుంది, అర్థం చెప్పడానికి జంకుతుంది" అని రాశారు. ఇంగ్లీషు మీడియం వల్ల లెక్కల్లో మాటలతో ఇచ్చే ప్రశ్నలకీ ఇదే అడ్డం వస్తోంది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు పేజీ చూస్తే నామోషీ అని పిల్లలు అది ముట్టుకోరు. రాత్రి చదువుకునేటప్పుడు ముందు తెలుగు పేజీ పైకి చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీ చదవమనండి. అమ్మమ్మగారు పక్కన కూర్చుని వింటే చాలు. తెలుగు మేడం "సొంత మాటల్లో చక్కగా రాస్తుంది" అని రాశారు. ఆవిడ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. వరదలో ఇంటి గడప దాకా వచ్చిన నీటి గురించి పాప రాసిన వ్యాసం స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చదివి వినిపించారు. హిందీలో అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవడం నెమ్మది. దానికి ఇప్పుడు కంగారు లేదు.

హాజరు 118 రోజులకి 101, అంటే 85 శాతం పైన. తల్లికి వందనం డబ్బులు ఆగిపోతాయా అని అమ్మమ్మగారు అడిగారు. దానికి 75 శాతం చూస్తారు, హాజరు గురించి భయం అక్కర్లేదు. రాని 17 రోజుల్లో తొమ్మిది వరదకి కాజ్‌వే మునిగినవి, అయిదు జ్వరానివి, మూడు వాళ్ళమ్మ కువైట్ వెళ్ళిన వారంవి. వీటిలో ఒక్కటీ పిల్ల ఎగ్గొట్టింది కాదు. వెనక పేజీలో ఆటలు, బొమ్మలు, నడవడిక గ్రేడులున్నాయి. అన్నీ బాగున్నాయి, మీరే చూసుకోండి.

ఇంకొక్క మాట. వాళ్ళమ్మగారు వెళ్ళాక రెండు నెలలు పాప మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక్కతే కూర్చునేది. ఇప్పుడు నలుగురితో కలిసింది. శుక్రవారం వీడియో కాల్‌లో అమ్మకి మార్కులు ఎలా చెప్పాలా అని పిల్ల టెన్షన్ పడుతోంది. "మేడం, అమ్మ అక్కడ ఏడుస్తుంది" అంది నాతో. దయచేసి సి2 ఒక్కటే చెప్పకండి. తెలుగు 88 ముందు చెప్పండి, తర్వాత కళ్ళ సంగతి, ఆ తర్వాత లెక్కలు. ఈ ఉత్తరం ఫొటో తీసి పంపినా నాకేమీ అభ్యంతరం లేదు. నాన్నగారు కూడా ఈ మార్కులకి పిల్ల మీద చెయ్యి చేసుకోరని నాకు తెలుసు, అయినా తల్లి దగ్గర లేని పిల్ల కాబట్టి అడుగుతున్నాను.

కార్డు మీద నాన్నగారి సంతకం పెట్టి వచ్చే సోమవారం పంపండి. అమ్మమ్మగారి వేలిముద్ర అయినా సరిపోతుంది. కళ్ళ డాక్టరు ఇచ్చిన చీటీ ఉంటే దానితోపాటు పెట్టండి. నాన్నగారికి పగలు కుదరకపోతే ఆదివారం ఉదయం నేనే రేవు దగ్గరికి వస్తాను, ఎన్ని గంటలకో శ్రావణితో చెప్పి పంపండి.

ఇట్లు,
శ్రావణి క్లాస్ టీచరు (లెక్కల మేడం)
8వ తరగతి, బి సెక్షన్