ధనత్రయోదశి దాకా ఆగొద్దు

మస్కట్,
జూలై 4, 2025

ప్రియమైన చెల్లి పద్మకి,

అక్క ఆశీస్సులు. మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. మరిదిగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలు బడికి వెళ్తున్నారా? మా అమ్మాయి శిరీష నీ దగ్గరుంది కాబట్టే నాకు ఇక్కడ కంటికి నిద్ర పడుతోంది. ఆ మాట ఫోన్‌లో చెప్పడం నాకు చేతకాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న నువ్వు అడిగావు కదా, శిరీష పెళ్లి బంగారం మొత్తం ధనత్రయోదశికి ఒకేసారి కొనేద్దామా అని. ఫోన్‌లో తెగేది కాదని ఈ రోజు సెలవు కదా అని కూర్చుని రాస్తున్నాను. శిరీషకి కూడా చదివి వినిపించు, దాని నగలే కదా.

పంతులుగారు చెప్పినట్టు నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం. ముహూర్తం ఫాల్గుణంలోనే. అంటే మన చేతిలో ఏడు నెలల పైనే ఉంది. ఇంత సమయం ఉన్నప్పుడు ఎనిమిది కాసుల బంగారం, అంటే 64 గ్రాములు, ఒక్క రోజు రేటు మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. పండగ మంచిదే, పూజ చేద్దాం, కానీ రేటుకి పండగ తెలియదు.

పోయిన ఏడాది ధనత్రయోదశి అక్టోబరు 29న వచ్చింది. ఆ రోజు 22 క్యారెట్ల బంగారం గ్రాము 7,370 దరిదాపుల్లో ఉంది. అమెరికా ఎన్నికలయ్యాయి, డాలరు బలపడింది, నవంబరు మధ్యకి అదే గ్రాము 7,000 కిందకి దిగింది. మొన్న అక్షయ తృతీయకీ అంతే. ఏప్రిల్ 30న 8,900 పైన పెట్టి కొన్నారు. అమెరికా, చైనా సుంకాల గొడవ కాస్త సద్దుమణిగేసరికి మే మధ్యలో 8,600 దగ్గరికి వచ్చింది. జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం మొదలయ్యాక మళ్లీ ఎగిరింది. ఆ పన్నెండు రోజులు ఇక్కడ మేం ఎంత టెన్షన్ పడ్డామో నీకు తెలుసు.

అలాగని తగ్గేదాకా ఆగుదాం అని కూడా అనకు. 2024 అక్షయ తృతీయకి గ్రాము 6,700 దగ్గర ఉన్నప్పుడు చాలా ఎక్కువ, తగ్గాక చూద్దాం అన్నవాళ్లు ఈ ఏడాది తొమ్మిది వేలు పెడుతున్నారు. మధ్యలో తగ్గలేదా అంటే తగ్గింది. 2024 జూలై 23న బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు, ఒక్క రోజులో పది గ్రాములకి రెండున్నర వేలకు పైగా పడింది. అది ఏ పంచాంగంలోనూ లేదు, ముందు రోజు ఏ కొట్టువాడికీ తెలియదు. అందుకే మనం రేటుని పట్టుకోవాలని చూడొద్దు. ముక్కలు చేసి కొందాం, ఎక్కువ తక్కువలు వాటంతటవే సర్దుకుంటాయి.

నేననుకున్నది చెప్తాను. నాలుగు సార్లు, ఒక్కోసారి 16 గ్రాముల చొప్పున. మొదటిది ఈ ఆషాఢంలోనే.

మీ అత్తగారు ఊరుకోరని నాకు తెలుసు. ఆషాఢంలో బంగారమా అంటారు. ఆవిడ మాట కాదనొద్దు. ఈ నెలలో వెళ్లి నగ ఎంచుకుని, రేటు ఖాయం చేసుకుని, డబ్బు కట్టి రండి. నగ ఇంటికి తెచ్చుకోవడం మాత్రం ఆగస్టు 8న, వరలక్ష్మీ వ్రతం రోజున. అమ్మవారి ముందు పెట్టి పూజ చేసుకోవచ్చు, ఆవిడకీ తృప్తి, మనకీ పని అయినట్టే. ఇప్పుడు కొట్టులో జనం ఉండరు. కూర్చోబెట్టి నాలుగు డిజైన్లు చూపిస్తారు, తరుగు దగ్గర బేరం వింటారు. శ్రావణ శుక్రవారం నాడు అదే మనిషి మన ముఖం కూడా చూడడు.

రేటు బుక్ చేసినప్పుడు ఒక్క మాట రసీదు మీద రాయించు: రేటు పెరిగితే ఈ రోజు రేటు, తగ్గితే తీసుకెళ్లే రోజు రేటు. చాలా కొట్లు దీనికి ఒప్పుకుంటాయి, కొన్ని మొత్తం డబ్బు కడితేనే అంటాయి. గడువు ఎన్ని రోజులో కూడా రాయించు. నోటిమాట మీద మాత్రం వదలొద్దు.

రెండోది సెప్టెంబరులో, దసరాకి ముందే. దసరా అక్టోబరు 2న, ఆ తర్వాత మంగళవారం 7న విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ. తొలేళ్ల నుంచే మూడు లాంతర్లు, గంటస్తంభం వైపు అడుగు పెట్టలేం. అమ్మవారి దర్శనానికి వెళ్లండి, నా పేరున కూడా ఓ కొబ్బరికాయ కొట్టండి, బంగారం పని మాత్రం ఆ వారం పెట్టుకోకండి. ఆ జనంలో సంచిలో నగలు పెట్టుకుని నువ్వు బొబ్బిలి బస్సు ఎక్కుతావంటే ఇక్కడ నాకు ప్రాణం ఆగదు.

మూడోది ధనత్రయోదశికి. అక్టోబరు 18న, శనివారం. ఆ రోజు కొనాలన్న నీ కోరిక కూడా తీరుతుంది. నాలుగోది జనవరిలో, సంక్రాంతి వెళ్లాక, పుస్తెలు, నల్లపూసలు అప్పుడు చేయిద్దాం. పుస్తెలకి వియ్యాలవారి ఆనవాయితీ కూడా అడగాలి, అది ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఇక అసలు ముఖ్యమైనది తరుగు. రేటు గురించి మనం ఇంత బుర్ర పాడు చేసుకుంటాం, తరుగు మాత్రం కొట్టువాడు చెప్పిందే కడతాం. లెక్క చూడు. ఇరవై గ్రాముల గొలుసు, గ్రాము 9,000 అనుకో, బంగారం 1,80,000. తరుగు 12 శాతం అంటే 21,600. అదే 8 శాతానికి ఒప్పిస్తే 14,400. తేడా 7,200. అంటే గ్రాముకి 360 రూపాయలు రేటు తగ్గినట్టే. ఆ తగ్గుదల కోసం మనం నెలలు ఎదురుచూస్తాం, ఇది పావుగంట కూర్చుంటే వస్తుంది. పైగా మూడు శాతం జీఎస్టీ బంగారం మీదే కాదు, తరుగు కలిపిన మొత్తం మీద వేస్తారు, కాబట్టి అదీ కాస్త తగ్గుతుంది.

పండగ ఆఫర్ అని తరుగులో సగం తీసేస్తున్నామంటే సంతోషపడే ముందు ఆ రోజు పేపర్లో రేటు చూసుకో. గ్రాముకి వంద, రెండు వందలు ఎక్కువ వేసి తరుగు తగ్గించినట్టు చూపించేవాళ్లు ఉంటారు. తరుగు, మజూరీ విడివిడిగా అడిగినా అన్నీ కలిపి చివరికి గ్రాముకి ఎంత పడుతోందో అడుగు. రాళ్లున్న నగైతే రాళ్ల బరువు తీసేసి బంగారం బరువు బిల్లు మీద వేరుగా ఉండాలి. శిరీషకి రాళ్ల నెక్లెస్ మీద మనసుందని తెలుసు. ఒక్కటి తీసుకోనీ, మిగతావి సాదావే ఉండనీ. రేపు అవసరానికి మార్చాల్సొస్తే రాళ్లకి ఎవరూ పైసా ఇవ్వరు.

కొట్టులో గ్రాముల్లోనే మాట్లాడు. అమ్మ తులం అంటే 11.66 గ్రాములు, ఇప్పుడు కొందరు పది గ్రాములనే తులం అంటున్నారు.

ప్రతి నగ మీదా హాల్‌మార్క్ గుర్తు, 22K916, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ, మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరు లేకుండా అమ్మకూడదు. శిరీష ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోమను. అందులో Verify HUID నొక్కి ఆ ఆరూ కొడితే నగ ఏదో, ఎంత స్వచ్ఛమో చూపిస్తుంది. డబ్బు కట్టకముందే, కొట్టులోనే చూడాలి.

నెలకో నాణెం కొని దాచి, పెళ్లికి మార్చుకుందామని కూడా అన్నావు. ఇంట్లో దాచుకోడానికైతే నాణెం మంచిదే. నగ కోసమైతే దండగ. నాణెం కొన్నప్పుడు మూడు శాతం జీఎస్టీ, దాన్నిచ్చి నగ తీసుకున్నప్పుడు నగ మొత్తం మీద మళ్లీ మూడు శాతం.

మస్కట్‌లో చవక కదా, నువ్వే తెచ్చెయ్ అని మరిదిగారు అన్నారట. చెప్పు ఆయనకి. సుంకం 6 శాతానికి దిగాక తేడా బాగా తగ్గిపోయింది, ఇక్కడ నగల మీద 5 శాతం వ్యాట్ కూడా ఉంది. ఏడాదికి మించి బయట ఉన్న ఆడవాళ్లు సుంకం లేకుండా 40 గ్రాముల నగలు తేవచ్చు, నిజమే, కానీ ఈ 2025లో వాటి విలువ లక్ష దాటకూడదని ఇంకో షరతు ఉంది. ఈ రేట్లకి లక్షకి పదకొండు గ్రాములు వస్తాయి. నేను వచ్చేటప్పుడు దానికి చెవిదుద్దులు తెస్తాను, అవి నా ఇష్టం కొద్దీ. మిగతాది మన ఊళ్లో, బిల్లుతో.

రూపాయి పడిపోయాక పంపితే ఎక్కువ వస్తుంది కదా అని కూడా నువ్వు అడుగుతావు. ఇప్పుడు రియాల్‌కి 222 దాకా వస్తోంది. మా రియాల్‌ డాలరుకి కట్టి ఉంటుంది. రూపాయి పడితే నాకు రూపాయలు ఎక్కువ వస్తాయి, కానీ అక్కడ బంగారం కూడా అదే కారణానికి పెరుగుతుంది. కాబట్టి దాని కోసం ఆగి లాభం లేదు. సోమవారం మొదటి విడత నీ ఖాతాలో వేస్తాను. బ్యాంకు నుంచే కొట్టుకి బదిలీ చెయ్యి. రెండు లక్షలు దాటితే పాన్ అడుగుతారు, నగదు అంత తీసుకోకూడదు కూడా. నీ పాన్ కార్డు వెంట ఉంచుకో.

అమ్మ చంద్రహారం నా వాటాకి వచ్చింది, శిరీషకే. దాన్ని కరిగించే ఆలోచన ఎవరు చెప్పినా వినకు. కొక్కెం ఊడింది కదా, మన వీధి కంసాలి దగ్గర నువ్వు ఎదురుగా కూర్చుని అతికించు.

వచ్చే వారంలో ఏ రోజు వెళ్తారో చెప్తే నేను పొద్దున ఫోన్ దగ్గరే ఉంటాను. ఎంచుకున్నవి వీడియోలో చూపించండి. బిల్లు ఫొటో కట్టక ముందే పంపు, రేటు, బరువు, తరుగు, జీఎస్టీ నేను కూడా ఓసారి కూడి చెప్తాను.

మీ అత్తగారికి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
మీ అక్క
లక్ష్మి