సోమవారం నుంచి కొత్త కొలువు

నా ప్రొఫైల్ ఫొటో చుట్టూ ఉన్న #OpenToWork పచ్చ రింగును నిన్న రాత్రి తీసేశాను. మడికొండ ఐటీ పార్కులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ట్రైనీగా సోమవారం చేరుతున్నాను. పేరు ప్రొఫైల్‌లో ఉంది. చిన్న ఉద్యోగమే, మొదటి ఆరు నెలలు శిక్షణే. అయినా హన్మకొండలో ఇంట్లోనే ఉండి వెళ్లొచ్చు, నాకు అదే పెద్ద సంబరం.

2023లో బీటెక్ అయిపోయింది. ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, జాయినింగ్ తేదీని మూడుసార్లు జరిపి, తర్వాత మెయిల్‌కు జవాబివ్వడమే మానేసింది. ఖాళీగా కూర్చోలేక ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కల పనికి కుదిరాను. మిర్చి సీజన్‌లో ముక్కుకు చున్నీ కట్టుకుని, తుమ్ముకుంటూనే తూకం, ధర రాసే తక్‌పట్టీలు కంప్యూటర్‌లో ఎక్కించేదాన్ని.

ఒకరోజు 38 బస్తాల లాటుకు 15.20 క్వింటాళ్లని కొట్టాల్సింది, చుక్క మరిచి 1520 కొట్టాను. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా తీసుకుంది. మా పెద్ద గుమాస్తా మాత్రం పైకం చూసి పట్టేశాడు. "38 బస్తాలకు గింత బరువెట్లొస్తది బిడ్డా? తప్పు నీదొక్కదానిదే కాదు, ఆ డబ్బాది గూడ" అన్నాడు. నాకు టెస్టింగ్ నేర్పింది ఆ మాటే అనుకుంటాను.

ఇంటర్వ్యూలో ఒక బిల్లింగ్ ఫారం చూపించి, ఏం పరీక్షిస్తావని అడిగారు. ఖాళీ, సున్నా, మైనస్ అంకెలు అందరూ చెప్పేవే. "బస్తాల లెక్కకూ బరువుకూ పొంతన లేకపోతే ఆపుతుందా?" అని నేను తిరిగి అడిగాను. ఇది ఎక్కడ నేర్చుకున్నావన్నారు. మార్కెట్ అని చెప్పాను. తర్వాత పది నిమిషాలు మిర్చి ముచ్చటే!

నైట్ షిఫ్ట్ చేసొచ్చి కూడా ప్రతి ఆదివారం ఫోన్‌లో మాక్ ఇంటర్వ్యూ పెట్టిన మా కాలేజీ సీనియర్ అక్కకు థాంక్స్ చాలదు. నా "అంటే... అంటే..." ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి మరీ చెప్పేది. నన్ను వద్దన్న ఒక హెచ్ఆర్ మేడమ్‌కూ రుణపడ్డాను. రెజ్యూమెలో నాకు రాని టూల్స్ పేర్లే సగం ఉన్నాయని మొహం మీదే చెప్పారు. ఆ రాత్రే కొట్టేశాను. అదే మార్కెట్‌లో హమాలీ చేసే మా బాపు ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా "ఇంకా రాలేదా" అని అడగలేదు.

గ్యాప్ వచ్చిందని టెన్షన్ పడుతున్న వాళ్లు మెసేజ్ పెట్టండి. రెఫరల్ ఇచ్చేంత దాన్ని ఇంకా కాలేదు. నన్ను అడిగిన ప్రశ్నలు మాత్రం రాసిపెట్టుకున్నాను, పంపిస్తాను. జవాబు రాత్రి ఎనిమిది తర్వాతే. శనివారం దాకా దుకాణంలో ఉంటాను, సీజన్ మధ్యలో పని అప్పజెప్పకుండా పోతే పెద్ద గుమాస్తా ఊరుకోడు.