9 మార్చి 2025 సర్వసభ్య సమావేశం: నిర్ణయాల సారాంశం, ఎవరి బాధ్యత ఏమిటి

తేదీ: 11 మార్చి 2025
సమావేశానికి హాజరైన 31 ఫ్లాట్ల యజమానులకు, సమాచారం కోసం మిగిలిన 9 ఫ్లాట్ల వారికి

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం సర్వసభ్య సమావేశం ఆదివారం ఉదయం 10.30 గంటలకు సెల్లార్‌లో అధ్యక్షుల ఆధ్వర్యంలో జరిగింది. వేసవి నీటి ఎద్దడి ప్రధానాంశం కావడంతో చర్చ మధ్యాహ్నం ఒంటిగంట దాటేవరకు సాగింది.

ముందుగా ఒక సవరణ. ఫిబ్రవరి సమావేశపు మినిట్స్‌లో "ఓవర్‌హెడ్ ట్యాంకు ఫ్లోట్ వాల్వు మార్చడమైనది" అని నేను రాశాను. నిజానికి ఆ రోజు మార్చాలని నిర్ణయించాము తప్ప వాల్వు మార్చలేదు. ఆ వాక్యం చదివి పని పూర్తయిందనుకున్నందువల్ల ఎవరూ మళ్లీ అడగలేదు. ఫిబ్రవరి 23 రాత్రి ట్యాంకు నిండి తెల్లవారుజామున వాచ్‌మన్ గమనించేవరకు నీళ్లు పొంగి డ్రైనేజీ పాలయ్యాయి. ఈ పొరపాటు నాదేనని సమావేశంలో ఒప్పుకున్నాను. ఆ వాక్యాన్ని "మార్చాలని నిర్ణయించడమైనది" అని సరిదిద్దడానికి సభ్యులు ఆమోదం తెలిపారు. కొత్త వాల్వును మార్చి 1న 402 ఫ్లాట్ వారు దగ్గరుండి పెట్టించారు. ఇకపై మినిట్స్‌లో పూర్తయిన పనికి "చేశారు" అని, నడుస్తున్న పనికి "చేస్తున్నారు" అని, చేయవలసిన పనికి "చేస్తారు" అని రాసి, చేయవలసిన ప్రతి పనికీ బాధ్యుల ఫ్లాట్ నంబరు, గడువు జతచేస్తాను. దయచేసి ఈ సారాంశంలోని క్రియలను ఆ అర్థంలోనే తీసుకోండి.

నీటి పరిస్థితి

108 ఫ్లాట్ వారు శనివారం ఉదయం మొదటి బోరు దగ్గర 20 లీటర్ల బకెట్ పెట్టి కొలిచారు. అక్టోబరులో 14 సెకన్లలో నిండిన బకెట్ ఇప్పుడు 40 సెకన్లకు నిండుతోంది. అంటే గంటకు 1,800 లీటర్లు. మోటారును రోజుకు ఆరు గంటలకు మించి నడిపితే నీళ్లతోపాటు గాలి వస్తోంది కాబట్టి, ఈ బోరు నుంచి రోజుకు 10,800 లీటర్లే లెక్కలోకి వస్తాయి. రెండో బోరు జనవరి నుంచి పూర్తిగా ఎండిపోయింది. జలమండలి నీరు సగటున రోజుకు 6,000 లీటర్ల దాకా సంపులోకి చేరుతోంది. ఫ్లాట్‌కు నలుగురు, మనిషికి 135 లీటర్లు అనుకుంటే 40 ఫ్లాట్లకు రోజుకు 21,600 లీటర్లు కావాలి. తగ్గుతున్న 4,800 లీటర్ల కోసం ప్రస్తుతం రోజుకు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పిస్తున్నాము.

మూడో బోరు వేయాలన్న ప్రతిపాదనపై సుదీర్ఘ చర్చ జరిగింది కానీ నిర్ణయం జరగలేదు. ఈ విషయాన్ని స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే బోరు ఖాయమైందని కొందరు సభ్యులు ఆదివారం సాయంత్రమే నన్ను అడిగారు. వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోకుండా బోరు వేయడానికి వీల్లేదని 505 ఫ్లాట్ వారు గుర్తుచేశారు. అనుమతికి ఏయే పత్రాలు కావాలో వారే మార్చి 22లోగా కనుక్కుంటారు. అనుమతి సంగతి, భూగర్భ జల నిపుణుల అభిప్రాయం తెలిసిన తర్వాతే ప్రతిపాదన మళ్లీ చర్చకు వస్తుంది. అప్పటివరకు సంఘం తరఫున ఎవరూ బోరు బండి వాళ్లతో ధర మాట్లాడకూడదని తీర్మానించడమైనది.

ఇంకుడు గుంత విషయంలో మాత్రం నిర్ణయం ఏకగ్రీవం. పార్కింగ్ టైల్స్ వేసినప్పుడు డాబా మీది వాన నీటి పైపును గుంత వైపు నుంచి తప్పించి వీధి కాల్వలోకి కలిపేశారని, దాంతో రెండేళ్లుగా డాబా మీద పడిన వాన చుక్క కూడా గుంతలోకి చేరలేదని 207 ఫ్లాట్ వారు ఫొటోలతో చూపించారు. గుంత పైపొర ఇసుక మట్టితో గట్టిపడి, పారతో కొడితే పెచ్చులుగా లేస్తోంది. పైపును వెనక్కి కలపడం, పాత ఇసుక, కంకర తీసి కడిగి మళ్లీ నింపడం, గుంతకు ముందు చిన్న పూడిక తొట్టి కట్టడం అనే మూడు పనులను మే 31లోగా పూర్తి చేయిస్తారు. బాధ్యత 207, 306 ఫ్లాట్ల వారిది. రూ. 18,000కు, రూ. 26,500కు రెండు కొటేషన్లు వచ్చాయి. తక్కువ మొత్తం చెప్పినవారు పూడిక తొట్టిని లెక్కలో చేర్చలేదు కాబట్టి మూడో కొటేషన్‌ను 306 ఫ్లాట్ వారు ఉగాదిలోగా తెస్తారు. తొలకరికి ముందే ఈ పని కాకపోతే మరో ఏడాది నష్టపోతామన్నది సభలో అందరూ అన్న మాట, నా మాట కూడా.

నీటి సరఫరా వేళలు

ఉదయం 6 నుంచి 7.30 వరకు, సాయంత్రం 6 నుంచి 7.30 వరకు మాత్రమే పైనుంచి నీళ్లు వదలాలని నిర్ణయించారు. ఇది నిన్నటి నుంచి అమల్లో ఉంది. మంచాన ఉన్న తల్లిగారికి మధ్యాహ్నం వేళ కూడా నీళ్లు అవసరమని 203 ఫ్లాట్ వారు అభ్యంతరం తెలిపారు. లైను ఉమ్మడిది కావడంతో ఒక్క ఫ్లాట్‌కే నీళ్లు వదలడం కుదరదు. అందువల్ల సంఘం ఖర్చుతో 200 లీటర్ల డ్రమ్ము కొని వారి యుటిలిటీలో పెట్టించాలని సభ కోరగా వారు అంగీకరించారు. డ్రమ్మును కోశాధికారి నిన్ననే పంపించారు.

ట్యాంకర్లు, ఖర్చు

గత నెలలో రెండుసార్లు ట్యాంకరు పూర్తిగా నిండకుండానే వచ్చిందని వాచ్‌మన్ చెప్పారు. ఇకపై పైప్ తగిలించకముందే మూత తీసి, గుర్తులు పెట్టిన కర్రతో మట్టం కొలిచి, సమయంతో సహా రిజిస్టరులో రాసి సంతకం చేస్తారు. ఆ రిజిస్టరును 101 ఫ్లాట్ వారు ప్రతి ఆదివారం తనిఖీ చేస్తారు. సంతకం లేని ట్యాంకరుకు డబ్బు చెల్లించరు.

ట్యాంకరు రూ. 1,000 చొప్పున నెలకు రూ. 30,000 అవుతుంది. దీన్ని ఫ్లాట్లవారీగా సమానంగా పంచాలని 22 మంది, ఇంట్లోని మనుషుల సంఖ్యను బట్టి పంచాలని 9 మంది చేతులెత్తారు. మెజారిటీ ప్రకారం ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒక్కో ఫ్లాట్ నెలకు రూ. 750 అదనంగా చెల్లిస్తుంది. తాళం వేసి ఉన్న రెండు ఫ్లాట్లకు కూడా ఇది వర్తిస్తుంది. తమ అసమ్మతిని నమోదు చేయాలని 404, 501 ఫ్లాట్ల వారు కోరారు, నమోదు చేశాను. మొత్తాన్ని మెయింటెనెన్స్‌తో కలిపి ప్రతి నెలా 10వ తేదీలోగా కోశాధికారి వసూలు చేస్తారు.

ఇతర అంశాలు

జలమండలి ఉచిత నీటి పథకం కింద ఆధార్ అనుసంధానం 33 ఫ్లాట్లకు పూర్తయింది. మిగిలిన ఏడు ఫ్లాట్ల యజమానులు ఈ నెలాఖరులోగా చేసుకుంటారు. ఇబ్బంది ఎదురైతే 305 ఫ్లాట్ వారు సహాయం చేస్తారు. లిఫ్టు నిర్వహణ ఒప్పందాన్ని ఫిబ్రవరి 28న పునరుద్ధరించారు.

సారాంశంలో ఏదైనా తప్పు కనిపిస్తే, ముఖ్యంగా మీరు ఒప్పుకోని పని మీ ఫ్లాట్ పేరిట ఉంటే, మార్చి 16లోగా నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తర్వాత దీన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కిస్తాను. తదుపరి సమావేశం ఏప్రిల్ 13, ఆదివారం ఉదయం 10.30 గంటలకు అక్కడే జరుగుతుంది. 108 ఫ్లాట్ వారు ఆ ముందురోజు బోరు దగ్గర మళ్లీ బకెట్ పెట్టి కొలుస్తారు.

ఇట్లు,
కార్యదర్శి