బోర్లా పెట్టిన ఫోన్

ఆ మధ్య నాన్న ఫోన్ ఎప్పుడూ బోర్లానే ఉండేది. మోగితే బయటికెళ్లి మాట్లాడేవాడు. "ఆఫీసు పనిరా" అనేవాడు, సెలవు రోజున కూడా.

ఆదివారం రాత్రి మళ్లీ మోగింది. ఈసారి లేవలేదు. ఫోన్ తిప్పి అమ్మ ముందుకు జరిపాడు.

"అప్పు చేశాను. స్నేహితుడి వ్యాపారంలో పెడితే మునిగింది. ఒకటి తీర్చడానికి ఇంకొకటి... మొత్తం మూడు."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అప్పు సంగతి సరే. రెండేళ్లు ఒక్కరే మోశారు చూడండి, అదే నాకు మింగుడుపడటం లేదు."

తమ్ముడు లెక్కల నోట్‌బుక్ తెచ్చి చివరి పేజీలో గీతలు గీశాడు. ఎవరికెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు. అంకె చెప్పినప్పుడల్లా నాన్న గొంతు తగ్గిపోయేది.

"గట్టిగా చెప్పండి," అంది అమ్మ.

వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చాలి, మిగతా రెండింటికీ వాయిదాలు తప్పకూడదు. కారు అమ్మేద్దామన్నది నాన్నే. నా జీతంలో మూడో వంతు రాయమన్నాను. నాన్న వద్దన్నాడు, అమ్మ రాసేసింది.

ఫోన్ మళ్లీ మోగింది. నాన్న కూర్చున్న చోటే స్పీకర్ ఆన్ చేశాడు.