పధ్నాలుగో షరతు

రాత్రి తొమ్మిదిన్నరకు బాషా సార్ పెన్సిలు పధ్నాలుగో షరతు దగ్గర ఆగింది.

అనంతపురం జిల్లా కోర్టులో ట్రాన్స్‌లేటరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. వాంగ్మూలాలు, డైరీలు, చెదలు తిన్న పాత దస్తావేజులు ఇంగ్లీషులోకి దించీ దించీ ఒక అలవాటు పడిపోయింది. ఎడమ పక్క మూలం, కుడి పక్క అనువాదం, లైను కింద స్కేలు. ప్రతి వాక్యంలో మూలంలో ఎన్ని 'కాదు'లున్నాయి, అనువాదంలో ఎన్నున్నాయి అని ముందు లెక్క చూస్తాడు. మనుషులు అబద్ధం ఆడేదీ పొరపాటు పడేదీ అక్కడే ఎక్కువని ఆయన నమ్మకం.

ఈసారి వచ్చింది సోలార్ కంపెనీ లీజు. పదకొండు మంది రైతుల మెట్ట భూమి, అంతా కలిపి 62 ఎకరాలు, 29 ఏళ్ళకు. ఎకరాకు ఏడాదికి 30 వేలు. శెనక్కాయ వేసి వానకోసం మబ్బుల్ని చూసే నేల మీద అంత డబ్బు రావడం చిన్న విషయం కాదు. తెలుగు కాపీ ఎవరో ముందే చేశారు. ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు దాన్ని రానివాళ్ళకు చదివి వినిపించారు కూడా. బాషా సార్ చేయాల్సింది సరిచూసి, కింద సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టడం.

"చదివేదేముంది సార్, చూసి సంతకం పెట్టేయండి. రేపు పదకొండుకు రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాటు ఉండాది" అని సాయంత్రం ఫైలు ఇచ్చిపోయాడు కంపెనీ తరఫున తిరిగే మధు.

తెలుగు కాపీలో ఇలా ఉంది: 'బాడుగ చెల్లింపులో లోపం జరిగిన సందర్భంలో తప్ప, లీజు కాలంలో భూ యజమాని ఈ లీజును రద్దు చేయరాదు.' వినడానికి ఎంత న్యాయంగా ఉంది! డబ్బు కట్టినన్నాళ్ళూ నీ జోలికి రాను, కట్టకుంటే నా నేల నాకు.

ఇంగ్లీషులో ఆ చోట 'నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీ డిఫాల్ట్' అని ఉంది. అంటే లోపం జరిగినా సరే రద్దు చేయకూడదని. ఎవరో తొందరలో ఆ పెద్ద మాటను 'తప్ప' కింద చుట్టేశారు. తొందరలోనేనా? ఆయన ముప్పై ఎనిమిది పేజీలూ తిరగేశాడు. మిగతా అంతా ఒద్దికగా ఉంది. ఈ ఒక్క చోటే కాలు జారింది. అనుమానం వచ్చినా రుజువు లేని దాని మీద ఆయన ఎక్కువసేపు నిలబడడు.

చివరి పేజీలో ఇంకొకటుంది: రెండు భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుంది. అంటే ఊరంతా చదువుకున్న తెలుగు కాగితం రేపు సంతకాలయ్యాక పొట్లాలు కట్టుకోడానికి కూడా పనికిరాదు.

అలమారలోంచి పాత చట్టం పుస్తకం తీశాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 111వ సెక్షన్. షరతు తప్పితే భూమిని వెనక్కి తీసుకునే హక్కు ఉందని దస్తావేజులో రాసుకుంటేనే, ఆ తప్పు చూపించి కౌలు తెంచుకోవచ్చు, అదీ రాతపూర్వకంగా నోటీసిచ్చి. రాసుకోకపోతే బాకీ డబ్బుకు దావా వేసుకోవాలి. ఇక్కడ రాసుకోకపోవడం కాదు, వద్దనే రాశారు. కంపెనీ మునిగిపోయినా భూమి ప్లేట్ల కిందే ఉంటుంది, రైతు కోర్టు మెట్ల మీద ఉంటాడు. ఆ మెట్లు ఎన్నేళ్ళు ఎక్కిస్తాయో బాషా సార్‌కు ఒకరు చెప్పక్కర్లేదు.

మధుకు ఫోన్ చేశాడు.

"అది బ్యాంకోళ్ళ షరతు సార్" అన్నాడు మధు, ముందే తయారుగా ఉన్నట్టు. "అప్పు ఇచ్చేదే ఆ లీజు చూసి. ఎవరో ఒక రైతు ఎత్తుకొని పొమ్మంటే కంపెనీ యాడికి పోతాది?"

"న్యాయమేనప్పా. ఆ మాటే తెలుగులో ఉండల్ల గదా."

"అట్ల రాస్తే సంతకం పెడతారా సార్ ఎవరన్నా?"

అనేశాక తనకే వినపడ్డట్టుంది, మధు తగ్గాడు. "మా పైవాళ్ళు చేయించినారు సార్, నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఫీజు ఏమన్నా పెంచల్లంటే చెప్పండి."

"ఫీజు చాలు. సరిచేసిన పేజీ పొద్దున పంపిస్తా. దాని మీదైతే సంతకం పెడతా. పాతదాని మీద పెట్టను."

సర్టిఫికెట్టు లేకుండా ఫైలు బ్యాంకు దాటదని ఇద్దరికీ తెలుసు.

ఆ పదకొండు మందిలో లక్ష్మీదేవమ్మ కొడుకు నంబరు ఆయన దగ్గరుంది. ఒక్క మాట చెప్తే అయిపోతుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు. ఒకరిచ్చిన కాగితం ఇంకొకరి చెవిలో ఊదిన మనిషి చేతికి రేపెవరూ కాగితం ఇవ్వరు. పైగా అవసరమేముంది? ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

'చెల్లింపు నందు లోపము కలిగినప్పటికినీ' అని మొదలుపెట్టాడు. తప్పేమీ లేదు, కోర్టులో చెల్లుతుంది. కానీ ఈ గ్రాంథికం చెవిలో పడి బయటికి పోతుంది, ఒక్కరూ తల ఎత్తరు. కొట్టేసి మళ్ళీ రాశాడు: 'కంపెనీ బాడుగ కట్టకపోయినా సరే, 29 ఏళ్ళు ముగిసేదాకా భూమి ఇచ్చినవాళ్ళు ఈ లీజును రద్దు చేసుకోకూడదు.'

పొద్దున డీటీపీ సెంటరు తెరిపించి పేజీ మార్పించాడు.

రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద దస్తావేజు లేఖరుల బల్లల మధ్య అందరూ చేరారు. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, జెరాక్సులు. మధు ఆయన్ను పక్కకు పిలిచాడు. "సంతకం పెట్టేయండి సార్, మళ్ళీ చదివేది వద్దు. ఊళ్ళో చదివినారు గదా."

"సర్టిఫికెట్టులో ఏముందో చూస్తివా? 'చదివి వినిపించగా విని అర్థం చేసుకున్నారు' అని ఉంది. చదవకుండా ఎట్ల రాసేది?"

బల్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి షరతుల్లో కొందరు సెల్లు చూసుకుంటున్నారు, ఒకాయన బీడీ ముట్టించాడు. పధ్నాలుగోది వచ్చింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ఏందీ? ఇంగోసారి చెప్పు సార్" అంది లక్ష్మీదేవమ్మ.

చదివాడు.

"కట్టకపోయినానా? మొన్న మా మనవడు చదివితే కట్టకపోతే రద్దు అని ఉన్నింది."

"మొన్నటి కాగితంలో తప్పు పడిందమ్మా. ఇంగ్లీషులో ఉండేది ఇదే."

బీడీ ఆరిపోయింది. నలుగురు ఒక్కసారే మాట్లాడారు. కొడుకు వయసువాడొకడు "అమ్మా, ముప్పై వేలు" అని గొణిగితే ఆమె వాడి వైపు చూడను కూడా చూడలేదు. పాస్‌బుక్కు కొంగులో చుట్టుకుంది. "పెట్టను."

మధు ఫోన్ పట్టుకుని గేటు దాకా పోయాడు. చెయ్యి ఊపుతూ, బతిమాలుతూ, అరగంట. హైదరాబాదు లాయరు స్పీకర్లోకి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. బ్యాంకుకు నోటీసిచ్చి గడువిస్తే, ఆ గడువులో కంపెనీ గానీ బ్యాంకు గానీ బాకీ కట్టకపోతే అప్పుడు రద్దు చేసుకునేలా మార్చొచ్చన్నాడు. బ్యాంకును ఒప్పించే పూచీ తమదేనన్నాడు. గడువు ఆరు నెలలు కావాలన్నాడు.

"ఆరా?" లక్ష్మీదేవమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "నాయనా, రెండు నెలలు. నేను బ్యాంకులో బంగారు పెట్టి అప్పు తెస్తే నాకు ఆరు నెలలు ఆగినారా?"

"నాలుగు చేద్దామమ్మా."

"మూడు. అదీ ఇంగ్లీషులో రాసి, బాషా సార్ చదివినాకనే."

లాయరు ఒక్క నిమిషం అన్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసు గుమాస్తా తలుపులోంచి తొంగిచూసి, స్లాటు పోతుంది, వస్తారా రారా అని అరిచాడు. ఎవరూ లేవలేదు. బాషా సార్ తెల్ల కాగితం తీసి, ఎడమ పక్క ఇంగ్లీషుకు చోటు వదిలి, స్కేలు పెట్టాడు.